కోల్డ్ మెయిల్‌ను చివరి లైను నుంచి చదవండి

ప్రశ్న: "మేం ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి రాజమండ్రిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ చేశాం. మందుల హోల్‌సేల్ ఏజెన్సీల్లో ఏ బ్యాచ్ ఎప్పుడు ఎక్స్‌పైరీ అవుతుందో, ఏ కంపెనీకి ఎప్పటిలోగా వెనక్కి పంపాలో చూపిస్తుంది. కొత్తగా తీసుకున్న డొమైన్ నుంచి ఒకేరోజు 120 ఏజెన్సీలకు ఇంగ్లీషులో మెయిల్ పెడితే ఒక్క జవాబు కూడా రాలేదు. ఆ మెయిల్‌ని తెలుగులో రాసి దీంతో పాటు పంపాను. ఇంకా చిన్నది చేయాలా? సబ్జెక్ట్ మార్చాలా? తప్పెక్కడుందో చూసి చెప్పండి."

చిన్నది చేయాల్సిందే. కానీ ముందు మార్చాల్సింది నిడివి కాదు, సబ్జెక్ట్ కూడా కాదు. చివరి లైను మార్చండి. "కింది లింకులో మీకు వీలైన స్లాట్ ఎంచుకుని 30 నిమిషాల డెమో బుక్ చేసుకోగలరు" అని రాశారు. దాని స్థానంలో ఒక్క మాటతో జవాబు చెప్పగలిగే ప్రశ్న పెట్టండి. ఆ తర్వాత మెయిల్ పైకి వెళ్లి, ఆ ప్రశ్నకు దారి తీయని ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. నిడివి దానంతట అదే తగ్గుతుంది. మిగిలిన దాంట్లో మొదటి వాక్యం ఆ ఏజెన్సీకి తప్ప పక్క షాపుకి పంపలేనట్టు ఉండాలి. నేను ఎవరి మెయిల్ చూసినా ఇదే వరసలో, కింది నుంచి పైకి చూస్తాను.

విజయవాడ నుంచి పదిహేనేళ్ల పాటు షాపులకు బార్‌కోడ్ ప్రింటర్లు, లేబుల్ రోల్స్ అమ్మాను. ఇప్పుడు నాలుగైదు చిన్న కంపెనీల సేల్స్ పిల్లలు రాసే మెయిల్స్ చూసి పెడుతుంటాను. మందుల ఏజెన్సీలు నాకు పాత కస్టమర్లే, అందుకే ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ముందు మీ మెయిల్ ఎవరు, ఎక్కడ చదువుతున్నారో ఒకసారి ఊహించుకోండి. ఏజెన్సీ ఓనర్‌కి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. పొద్దున్నంతా మెడికల్ షాపుల నుంచి ఆర్డర్లు, ఆ తర్వాత డెలివరీ కుర్రాళ్ల హడావిడి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఓ గంట తీరిక. అప్పుడు కూడా ఒక చేత్తో చెక్కుల మీద సంతకాలు పెడుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో మెయిల్ పైకి తోస్తుంటాడు. ఆ ఇన్‌బాక్స్‌లో కంపెనీ ధరల సర్క్యులర్లు, బ్యాంకు అలర్టులు, ఆడిటర్ మెయిల్స్ ఉంటాయి. వాటి మధ్యలో "మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం", "ష్యూరిటీ లేకుండా లోన్" లాంటివి రోజూ దిగుతుంటాయి. మీ మెయిల్ మొదటి గుంపులోదా, రెండో గుంపులోదా అన్నది ఆయన రెండు మూడు సెకన్లలో తేల్చేస్తాడు.

చివరి లైను గురించి

డెమో అడగడం తప్పు కాదు. మొదటి మెయిల్‌లో అడగడం తప్పు. ఆ లైను ఆయన చేత ఎన్ని పనులు చేయిస్తోందో లెక్కపెట్టండి. లింకు నొక్కాలి, అది ఎక్కడికి తీసుకెళ్తుందో అని భయపడాలి, క్యాలెండర్‌లో రోజు ఎంచుకోవాలి, పేరూ మెయిల్ ఐడీ కొట్టాలి, ఆ రోజు ఆ టైముకి కౌంటర్ వదిలి కూర్చోవాలి. మీరెవరో ఆయనకి ఇంకా తెలియదు, తెలియని మనిషి కోసం ఇన్ని పనులు చేయాలి. బుకింగ్ లింకు పని తగ్గించేది మీకే, ఆయనకి కాదు.

చాలామంది దీన్ని సరిచేయబోయి ఇంకో గోతిలో పడతారు. "మీ విలువైన అభిప్రాయం తెలియజేయండి" అని ముగిస్తారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, లింకు లేదు, టైము అడగలేదు. కానీ ఆయన ఏం రాయాలి? దేని మీద అభిప్రాయం? మొదటి నుంచి చదివి, ఆలోచించి, నాలుగు వాక్యాలు కూడబెట్టాలి. డెమో బుక్ చేసుకోవడం కన్నా అదే కష్టం. పని తక్కువగా ఉండటమంటే తక్కువ మాటల్లో అడగడం కాదు, ఆలోచించకుండా జవాబు చెప్పగలగడం. "పంపమంటారా?" అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏమంటారు?" అంటే ఉండదు.

మీ విషయంలో సరైన అడుగు నమూనా చూపించడం అనుకుంటున్నాను. మీ ప్రోగ్రాంలో ఎక్స్‌పైరీ లిస్టు పేజీ ఒకటి ఉంటుంది కదా. కల్పించిన బ్యాచ్ నంబర్లతో దాని ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. మెయిల్‌లో అడగాల్సింది "ఆ పేజీ ఎలా ఉంటుందో నమూనా ఫొటో పంపమంటారా?" అన్న ఒక్క ప్రశ్నే. ఆయన చేయాల్సిందల్లా "సరే" అని కొట్టడం.

"ఫొటో మెయిల్‌లోనే పెట్టేస్తే ఆ అడుగు కూడా తప్పుతుంది కదా" అని మా పిల్లలు అడుగుతుంటారు. కొత్తవాళ్ల నుంచి వచ్చిన మెయిల్‌లో అటాచ్‌మెంట్ ఉంటే జంకు పుడుతుంది, స్పామ్‌లో పడే అవకాశమూ పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఫొటో చూసి ఊరుకుంటే మీకేమీ తెలియదు. "సరే" అంటే ఆ ఏజెన్సీలో ఎక్స్‌పైరీ లిస్టు తలనొప్పి ఉందని మీకు తెలుస్తుంది. ఆ ఒక్క మాట కోసమే ఈ మెయిల్ రాస్తున్నాం. అమ్మకం తర్వాత సంగతి.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. "మీ స్టాక్ ఫైల్ పంపితే ఉచితంగా లిస్టు చేసిస్తాం" అని మాత్రం మొదటి మెయిల్‌లో రాయొద్దు. మీకది ఉదారంగా అనిపిస్తుంది. ఆయనకి మాత్రం తన కొనుగోలు రేట్లు, పార్టీల పేర్లు ఊరూపేరూ తెలియని వాళ్ల చేతిలో పెట్టమన్నట్టు వినిపిస్తుంది. రెండోది, ప్రశ్న ఒక్కటే ఉండాలి. మీ మెయిల్‌లో డెమో లింకు, "వెబ్‌సైట్ చూడండి", "యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి", "ఎప్పుడైనా కాల్ చేయండి" అని నాలుగు దారులున్నాయి. నాలుగిట్లో ఏది తీసుకోవాలో తేల్చుకోవడం కూడా ఆయనకి ఒక పనే.

మొదటి వాక్యం ఆయనదేనా

మీ మెయిల్ మొదలే "ఈ మెయిల్ మీకు చేరే సమయానికి మీరు క్షేమంగా ఉంటారని ఆశిస్తున్నాం". తర్వాత "నేటి పోటీ ప్రపంచంలో ప్రతి వ్యాపారానికీ డిజిటల్ మార్పు తప్పనిసరి". ఫోన్‌లో సబ్జెక్ట్ కింద మెయిల్ మొదటి మాటలు బూడిద రంగులో కనిపిస్తాయి. మెయిల్ తెరవాలా వద్దా అని ఆయన తేల్చుకునేది వాటిని చూసే. ఆ కాస్త చోటూ మీరు క్షేమ సమాచారానికి ఇచ్చేశారు.

నేను చేసే పరీక్ష ఒకటుంది. మెయిల్‌లో "మందుల ఏజెన్సీ" అన్నచోట "చీరల షాపు" అని పెట్టి చదువుతాను. ఏ వాక్యం మారకుండా నిలబడితే ఆ వాక్యం పోవాలి. మీ మెయిల్‌లో "పోటీ ప్రపంచం" నిలబడుతుంది. "మీ సమయాన్ని, ఖర్చును ఆదా చేసే సమగ్ర పరిష్కారం" నిలబడుతుంది. తొమ్మిది పాయింట్ల ఫీచర్ల లిస్టులో ఏడు నిలబడతాయి. నిలబడనివి రెండే: బ్యాచ్ వారీ ఎక్స్‌పైరీ, కంపెనీ వారీ రిటర్న్ గడువు. అవి లిస్టులో ఆరోది, ఎనిమిదోది. మీ దగ్గరున్న అసలు సరుకుని గోడౌన్ లోపలి అరలో పెట్టి, గుమ్మం ముందు ఖాళీ డబ్బాలు పేర్చారన్నమాట.

ఆ రెండు పాయింట్లు ఎందుకు బలమైనవో మీకు తెలుసు, అయినా చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. మెడికల్ షాపుల్లో గడువు దాటిన స్ట్రిప్పులు ఏజెన్సీకి వెనక్కి వస్తాయి. ఏజెన్సీ వాటిని కంపెనీల వారీగా విడదీసి, లిస్టు రాసి కంపెనీకి పంపితే, కంపెనీ క్రెడిట్ నోట్ ఇస్తుంది. గడువు దాటాక ఎన్ని నెలల్లోపు పంపాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఆ తేదీ దాటితే సరుకు ఏజెన్సీ నెత్తినే పడుతుంది. గోడౌన్ మూల అట్టపెట్టెల్లో అలా మిగిలిపోయిన స్ట్రిప్పులు నేను చాలా చోట్ల చూశాను. ఓనర్ వాటిని చూపించి నవ్వుతాడు గానీ లోపల మంటగానే ఉంటుంది. "డిజిటల్ మార్పు" అంటే ఆయనకి ఏమీ గుర్తురాదు. "కంపెనీ గడువు" అంటే ఆ అట్టపెట్టెలు గుర్తొస్తాయి.

సందర్భం అంటే వాక్యం ఒక్కటే కాదు, ఎవరికి పంపుతున్నాం అన్నది అంతకన్నా ముందు సంగతి. మీ 120 మందిలో జనరిక్ హోల్‌సేల్ చేసేవాళ్లు ఎంతమంది? ఆ వ్యాపారంలో వాపసు లేదన్న మాట మీద కొనే సరుకు చాలా ఉంటుంది. కంపెనీకి తిరిగి పంపేదే లేనప్పుడు రిటర్న్ గడువు గురించి మీరెంత అందంగా రాసినా ఆయనకి పనికిరాదు. అలాంటివాళ్లకి అసలు పంపొద్దు, లేదా "గడువు దగ్గరపడ్డ బ్యాచ్ ముందే అమ్ముకోవడం" అన్న వేరే మెయిల్ రాయండి. 120 మందికి ఒక మెయిల్ కాకుండా, ఒకే రకం వాళ్లు పదిహేను మందిని ఏరి వాళ్లకి పంపండి.

ఒక్కో ఏజెన్సీ గురించి ఏం రాయాలో ఎక్కడ తెలుస్తుంది? అన్నిటికన్నా మంచి చోటు షాపు బోర్డు. చాలామంది తాము ఏయే కంపెనీల స్టాకిస్టులో బోర్డు మీదే రాయించుకుంటారు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు ఫొటో పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది. మీరు రాజమండ్రిలోనే ఉన్నారు కాబట్టి బండి మీద ఒక చుట్టు తిరిగి రావచ్చు కూడా. జీఎస్టీ నంబరు తెలిస్తే జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, సొంత సంస్థా భాగస్వామ్యమా అన్నది ఎవరైనా చూడొచ్చు. సంస్థ పాతదా కొత్తదా, ఒకరితో మాట్లాడాలా ఇద్దరితోనా అని మీకొక అంచనా వస్తుంది. కానీ ఆ వివరాలు మెయిల్‌లో రాయొద్దు. "మీ జీఎస్టీ రికార్డు చూశాను" అంటే డిపార్ట్‌మెంట్ మనిషేమో అని ఉలిక్కిపడతాడు. రోడ్డు మీద నిలబడ్డవాడికి కనిపించేది మాత్రమే మెయిల్‌లో రాయాలి.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. ఒకసారి ఒక స్వీట్ షాపు మీద గూగుల్‌లో ఎవరో "ప్యాకెట్ మీద తేదీ సరిగా కనపడలేదు" అని రివ్యూ రాశారు. నేను అమ్మేది లేబుల్ ప్రింటర్లే కదా, ఇంతకన్నా దొరుకుతుందా అనుకుని ఆ రివ్యూనే మొదటి లైన్లో పెట్టాను. జవాబు వచ్చింది, ఫోన్లో, అరగంటలోపే. "నా షాపు పరువు గురించి మాట్లాడటానికి మీరెవరు?" అని. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను చెప్పింది ఆయన వ్యాపారానికి సంబంధించిందే, కానీ మొదటి పరిచయంలో చెప్పే మాట కాదు. రెండేళ్ల తర్వాత ఆయన ప్రింటర్ కొన్నాడు, వేరే వాళ్ల దగ్గర.

అందుకే "ఎక్స్‌పైరీ సరుకు వల్ల మీరు ఏటా లక్షలు నష్టపోతున్నారు" అన్న మీ వాక్యం కూడా తీసేయమంటాను. ఆయన నష్టం మీకెలా తెలుసు? ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా రిటర్న్‌లు చూసే గుమస్తా ఉండొచ్చు, ఒక్క స్ట్రిప్పు కూడా పోకపోవచ్చు. తెలిసినట్టు చెప్పకుండా, అంచనాగా చెప్పండి. "పెద్ద పనే అయ్యుంటుంది" అంటే, కాకపోతే ఆయన కాదంటాడు. కాదన్నా అది జవాబే కదా.

ఒక్కోసారి సందర్భం బయటి నుంచి వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఆ రోజుల్లో ఏజెన్సీలన్నీ కొత్త రేట్లు, పాత స్టాకు గొడవలో తలమునకలుగా ఉన్నాయి. ఆ వారంలో రేట్ల మార్పు గురించి కాకుండా ఇంకే మెయిల్ పంపినా దండగే. మామూలు నెలల్లో కూడా ఇలాంటి రోజులుంటాయి. నెలాఖరు మూడు నాలుగు రోజులు మెడికల్ రెప్‌లు టార్గెట్ల కోసం షాపులోనే కూర్చుంటారు. నెల మొదట్లో కంపెనీలకి స్టాకు స్టేట్‌మెంట్లు పంపాలి. జీఎస్టీ రిటర్న్‌ల్లో 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20కి 3బి వేయాలి. నేనైతే 12 నుంచి 18 మధ్యలో, మంగళవారమో బుధవారమో, మధ్యాహ్నం రెండు దాటాక పంపుతాను. మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్న్ వేసే చిన్న ఏజెన్సీలకి ఈ తేదీలు వేరు, అది చూసుకోండి.

ఇక నిడివి

మీ మెయిల్ దాదాపు 290 మాటలు. ఎన్ని ఉండాలని అడిగితే ఎనభై తొంభై అంటాను గానీ, మాటలు లెక్కపెట్టే అలవాటు నాకు లేదు. మెయిల్‌ని మీకే పంపుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు రెండు మెట్లు పెంచండి, ఎందుకంటే ఆ వయసు వాళ్ల ఫోన్లలో అలాగే ఉంటుంది. ఇప్పుడు తెరిచి చూడండి. వేలితో పైకి ఒక్కసారి తోయగానే మీ ప్రశ్న కనిపించాలి. రెండోసారి తోయాల్సి వస్తే పొడవెక్కువే. మీ మెయిల్‌ని నా ఫోన్‌లో ఇలా చూస్తే ప్రశ్న చేరడానికి ఐదుసార్లు తోయాల్సి వచ్చింది.

పొడవంతా రాసిన విషయంలోనే ఉండదు. మీ సంతకం చూడండి. లోగో, ఇద్దరి పేర్లు, హోదాలు, నాలుగు సోషల్ మీడియా గుర్తులు, కింద "ఈ మెయిల్ రహస్య సమాచారం, మీకు ఉద్దేశించనిదైతే వెంటనే తొలగించండి" అని ఓ పేరా. మనమే అడక్కుండా పంపి, మళ్లీ తొలగించమని మనమే చెప్పడమేంటి! పేరు, ఊరు, ఫోన్ నంబరు చాలు. నంబరు మాత్రం మరిచిపోకండి. మన దగ్గర ఓనర్లు చాలామంది మెయిల్‌కి మెయిల్‌తో జవాబివ్వరు, నంబరు సేవ్ చేసుకుని వాట్సాప్‌లో "పంపండి" అంటారు.

అలాగని రెండు లైన్లకి కుదించొద్దు. పోయినేడాది ఒక కుర్రాడు "నమస్తే సర్, ఎక్స్‌పైరీ సమస్య ఉందా? మా దగ్గర పరిష్కారం ఉంది" అని అంతే రాశాడు. చిన్నదే, ప్రశ్న కూడా ఉంది. కానీ ఎవరు, ఏ ఊరు, నా మెయిల్ ఐడీ ఎక్కడిది అన్న మూడు అనుమానాలకి జవాబు లేదు కాబట్టి అది మోసం మెయిల్‌లాగే కనిపిస్తుంది. కొట్టేసేటప్పుడు ఆ మూడిటికీ జవాబు చెప్పే మాటల్ని మాత్రం అలాగే ఉంచండి. మీకైతే "మేం రాజమండ్రిలోనే ఉంటాం" అన్నది ఫీచర్లన్నిటికన్నా విలువైన వాక్యం. రేపు పాడైతే వచ్చి చూసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారని దానర్థం. మీ పాత మెయిల్‌లో ఆ మాటే లేదు!

మార్చి రాస్తే

పైవన్నీ పెట్టి మీ మెయిల్‌ని నేను ఇలా రాస్తాను. చుక్కలున్న చోట మీరు నింపుకోండి.

సబ్జెక్ట్: ఎక్స్‌పైరీ రిటర్న్‌ల లిస్టు గురించి

> నమస్కారం … గారూ,
>
> మీ ఏజెన్సీ బోర్డు మీద పద్దెనిమిది కంపెనీల పేర్లు చూశాను. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో గడువు పెడుతుంది కాబట్టి, ఆ తేదీలన్నీ చూసుకోవడం మీ స్టాఫ్‌కి పెద్ద పనే అయ్యుంటుంది.
>
> మేం రాజమండ్రిలోనే ఉంటాం. రాబోయే మూడు నెలల్లో ఏ బ్యాచ్‌ని ఏ కంపెనీకి ఎప్పటిలోగా పంపాలో ఒక్క పేజీలో చూపించే ప్రోగ్రాం చేశాం. మీ ఇప్పటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చక్కర్లేదు.
>
> ఆ పేజీ ఎలా ఉంటుందో నమూనా ఫొటో పంపమంటారా? "సరే" అంటే చాలు. అవసరం లేకపోతే "వద్దు" అనండి, మళ్లీ మెయిల్ పెట్టను.
>
> … , రాజమండ్రి
> ఫోన్, వాట్సాప్: …

సబ్జెక్ట్‌లో ఏజెన్సీ పేరు పెట్టలేదు. పేరు పెడితే ఎక్కువమంది తెరుస్తారని అంటారు, కానీ ఫోన్‌లో సబ్జెక్ట్ చివర తెగిపోతుంది. "శ్రీ వెంకటేశ్వర మెడికల్ ఏజెన్సీస్" లాంటి పేరు ముందు పెడితే అసలు విషయం కనిపించకుండా పోతుంది.

"బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చక్కర్లేదు" అన్న వాక్యం ఎందుకు ఉంచానో చెప్పాలి. నేను సొంతంగా కలిపింది కాదు, మీ ఫీచర్ల లిస్టులో నాలుగో పాయింట్‌లో "ఇతర సాఫ్ట్‌వేర్లతో అనుసంధానం" అని ఉంది. ఏజెన్సీ వాళ్లకి కొత్త సాఫ్ట్‌వేర్ అంటేనే టెన్షన్. వేల ఐటమ్స్ మళ్లీ ఎక్కించాలి, గుమస్తా మళ్లీ నేర్చుకోవాలి. మెయిల్ చదువుతుండగానే ఆ భయం వస్తుంది, అందుకే అక్కడే దాన్ని తీసేయాలి. మీ ప్రోగ్రాం నిజంగా ఏయే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల నుంచి ఫైల్ తీసుకోగలదో సరిచూసుకుని మాత్రమే ఈ వాక్యం ఉంచండి. ఆయన వాడేదాంతో కుదరదని డెమో రోజు తెలిస్తే ఆ ఏజెన్సీయే కాదు, ఆ వీధంతా పోయినట్టే. ఒకే వీధిలో వ్యాపారం చేసేవాళ్లు సాయంత్రం టీ దగ్గర అన్నీ మాట్లాడుకుంటారు.

"వద్దు" అనే అవకాశం ఇవ్వడం మీకు నచ్చకపోవచ్చు. మా పిల్లలకీ నచ్చదు. కానీ ఆ మాట లేకపోతే, వద్దనుకునేవాళ్లు ఊరుకోరు, స్పామ్ బటన్ నొక్కుతారు. అలా పదిమంది నొక్కితే పదకొండో ఆయనకి మీ మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనపడదు. ఈ 120 మెయిల్స్ ఒకేరోజు, కొత్తగా తీసుకున్న డొమైన్ నుంచి పంపారని మీరే రాశారు. అందులో చాలావరకు స్పామ్‌లోకి పోయి ఉండొచ్చు, అది మాటల తప్పు కాదు. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే SPF, DKIM, DMARC సెట్టింగులు డొమైన్ కొన్నచోట పెట్టారో లేదో చూసుకోండి. మీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపి, కంప్యూటర్‌లో ఆ మెయిల్ పక్కన మూడు చుక్కల మెనూలో Show original తెరిస్తే ఆ మూడిటి పక్కన PASS అని ఉండాలి. లేకపోతే మెయిల్ ఎంత బాగా రాసినా లాభం లేదు. రోజుకి పదో పదిహేనో పంపండి, అంతకన్నా వద్దు.

ఎంతమంది తెరిచారో చూపించే ట్రాకింగ్ కూడా తీసేయండి. కొన్ని ఫోన్లలో మనిషి చూడకపోయినా తెరిచినట్టే లెక్క వస్తుంది. మీరు లెక్కపెట్టాల్సింది "సరే"లు, "వద్దు"లు, ఫోన్లు మాత్రమే. పదిహేను మందిలో ముగ్గురు "వద్దు" అన్నా నేను సంతోషిస్తాను. మెయిల్ చేరుతోంది, చదువుతున్నారు, అడిగింది అర్థమవుతోంది అని తెలిసినట్టే. అప్పుడు మార్చాల్సింది చివరి లైను కాదు, మీరు ఎంచుకున్న మనుషుల్ని. ఎవరూ ఏమీ అనకపోతే ముందు స్పామ్ సంగతి చూడండి, ఆ తర్వాత మొదటి వాక్యం.

జవాబు రానివాళ్లకి వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయొచ్చు. "నా పోయిన మెయిల్ చూశారా?" అని కాదు. పాత మెయిల్‌కే రిప్లైగా, రెండు వాక్యాల్లో కొత్త ముక్క ఒకటి చెప్పండి. ఉదాహరణకి "రిటర్న్ గడువు దాటడానికి పదిహేను రోజుల ముందే మీ గుమస్తా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నమూనా పంపమంటారా?" అంతే. మూడోది పంపొద్దు. ఊళ్లోనే ఉన్నారు కాబట్టి మూడోసారి నేరుగా షాపుకే వెళ్లండి, మెయిల్ పెట్టింది నేనే అని చెప్పండి. గుర్తుంటే గుర్తుంటుంది, లేకపోయినా మీ పరిచయం సున్నా నుంచి మొదలుకాదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది మరిచిపోతారు. "సరే" అన్న గంటలోపు ఫొటో వెళ్లాలి. ఫొటోతో పాటు ఒకే ఒక్క లైను: "ఇందులో మీకు పనికిరానిది ఏదైనా ఉందా?" డెమో మాట అప్పుడు కూడా ఎత్తొద్దు. ఆయన "మాకు కంపెనీ కాలమ్ ముందుండాలి" అనో, "బ్రేకేజీ కూడా ఇందులో వస్తుందా" అనో అడుగుతాడు. అలా అడిగాక "రేపు మధ్యాహ్నం రెండున్నరకి షాపుకి వచ్చి పది నిమిషాల్లో చూపించమంటారా?" అనండి.

కొత్త మెయిల్ రాశాక మొదటి పదిహేను మందికి పంపేముందు ఇక్కడ పెట్టండి, చూస్తాను. పేర్లూ నంబర్లూ మాత్రం తీసేసి పెట్టండి.